వెలుగు పోయిందా, బొమ్మ పోయిందా?

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, కీబోర్డు దీపాలు వెలుగుతాయి, లోపల ఫ్యాను తిరుగుతుంది. తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకో మానిటర్‌కో కలిపితే అక్కడ బొమ్మ చక్కగా వస్తుంది. ఈ స్థితిలో రిపేరు షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాట, "డిస్‌ప్లే పోయిందండీ, మార్చాలి" అని. అది నిజమే కావచ్చు. అయితే ఇదే లక్షణం ప్యానెల్ చెడినా వస్తుంది, దాని వెనకుండే బ్యాక్‌లైట్ ఆరిపోయినా వస్తుంది, కేబుల్ తెగినా వస్తుంది, మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ దారిలో లోపమున్నా వస్తుంది. కొత్త ప్యానెల్‌కు వేలల్లో ఖర్చు. కేబుల్ అందులో కొంత భాగానికే దొరుకుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు తేడా తెలుసుకోవాలి.

బయటి మానిటర్‌లో బొమ్మ వచ్చిందంటే ప్రాసెసర్, ర్యామ్, విండోస్ పనిచేస్తున్నట్టే. గ్రాఫిక్స్ చిప్‌కు మాత్రం పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వలేం. లోపలి తెరకు వెళ్లే దారి వేరు, హెచ్‌డీఎంఐకి వెళ్లే దారి వేరు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో హెచ్‌డీఎంఐని ఒక చిప్, లోపలి తెరను మరొకటి నడుపుతాయి. ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు.

ముందు ఖర్చులేని అనుమానాలు తీర్చుకోవాలి. విండోస్ కీతో పాటు P నొక్కండి. అక్కడ Second screen only అని ఉంటే లోపలి తెర నల్లగా ఉండటంలో వింతేమీ లేదు, Duplicate ఎంచుకోండి. ఇంకొకటి చాలామందికి తట్టదు. మూత మూశారని ల్యాప్‌టాప్‌కు తెలియడానికి అంచులో చిన్న అయస్కాంతం, దానికెదురుగా ఒక సెన్సర్ ఉంటాయి. అయస్కాంతమున్న ఫోన్ కవరు పక్కన పెట్టినా, మరో ల్యాప్‌టాప్ మీద దీన్ని పెట్టినా మూత మూశారనుకుని తెర ఆర్పేయవచ్చు. చివరగా మానిటర్ వైరు తీసేసి మళ్లీ ఆన్ చేయండి. మొదట కంపెనీ లోగో కనిపించి, విండోస్ వచ్చేసరికి నల్లబడితే లోపం డ్రైవర్‌లోనో సెట్టింగ్‌లోనో ఉండే అవకాశమే ఎక్కువ. లోగో కూడా రాకపోతే ఇక భాగాల వైపు చూడాలి.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే: బొమ్మే రావడం లేదా, వెలుగు ఒక్కటే లేదా? ఎల్‌సీడీ ప్యానెల్‌కు సొంత వెలుగు ఉండదు. బొమ్మను ప్యానెల్ తయారుచేస్తుంది, వెలుగు మాత్రం అంచున వరసగా ఉన్న ఎల్‌ఈడీల నుంచి వస్తుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఆరిపోతే బొమ్మలు ఆడుతూనే ఉంటాయి, మనకు కనిపించవు. ఇదీ అంతే.

పరీక్షకు సెల్‌ఫోన్ టార్చి చాలు. బయటి మానిటర్‌ను Duplicateలో ఉంచితే లోపలి తెర మీద ఏం ఉండాలో మీకు ముందే తెలుస్తుంది. తెల్లటి పేజీ మీద పెద్ద నల్ల అక్షరాలు తెరిచి, గది చీకటి చేసి, టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టండి. మౌస్ కదుపుతూ చూడండి, కదిలేది కంటికి త్వరగా చిక్కుతుంది. మసకగానైనా అక్షరాలు కనిపిస్తే బొమ్మ ప్యానెల్ దాకా వస్తోంది, వెలుగే లేదు. ఏమీ కనిపించకపోతే అంత గట్టిగా చెప్పలేం, కొన్ని ప్యానెళ్లలో ఆ మసక బొమ్మ పట్టుకోవడం కష్టం. ఓఎల్‌ఈడీ తెరలకు ఈ పరీక్ష పనికిరాదు. వాటిలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, వెనక దీపమే ఉండదు.

వెలుగు లేదని తేలగానే ప్యానెల్ కొనేయకూడదు. ఎల్‌ఈడీలకు కరెంటు మదర్‌బోర్డు నుంచి కేబుల్ గుండా వస్తుంది. ఆ కేబుల్ మూత తెరిచినప్పుడల్లా హింజ్ దగ్గర మెలి తిరుగుతుంది. మా పక్కింటి డిగ్రీ విద్యార్థిని ల్యాప్‌టాప్‌కు షాపులో ప్యానెల్ మార్చాలన్నారు. టార్చి వేస్తే డెస్క్‌టాప్ ఐకాన్లు మసకగా కనిపించాయి. మూతను దాదాపు మూసి, నెమ్మదిగా తెరుస్తూ వెళ్తే సగం దాకా వెలుగు వచ్చింది, అక్కడ మినుకుమని ఆరిపోయింది. వెనక్కి వంచితే మళ్లీ వచ్చింది. కోణాన్ని బట్టి వెలుగు వచ్చిపోతోందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. విప్పి చూస్తే హింజ్ పక్కన కేబుల్ పైపొర నలిగి, లోపలి సన్నని తీగలు బయటపడ్డాయి. కేబుల్ మార్చాక పాత ప్యానెలే పనిచేసింది.

పేరున్న కంపెనీల డిజైన్లలోనూ ఇది జరిగింది. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాక్‌లైట్ కేబుల్ మూత తెరిచినప్పుడల్లా బిగుసుకుని అరిగిపోయేది. మొదట తెర అడుగున నాటక వేదిక దీపాల్లా వెలుగు మచ్చలు కనిపించేవి, తర్వాత మూత కొంత కోణం దాటగానే తెర ఆరిపోయేది. 2019 జనవరిలో ఐఫిక్సిట్ సంస్థ దీన్ని వెలుగులోకి తెచ్చింది. అదే ఏడాది మేలో ఆపిల్ 13 అంగుళాల 2016 మోడళ్లకు ఉచిత మరమ్మతు ప్రకటించింది. 2018 మోడల్లో ఆ కేబుల్ 2 మిల్లీమీటర్లు పొడుగైంది. పాత మోడల్లో కేబుల్ డిస్‌ప్లేలో భాగం కావడంతో, అరిగింది కేబులే అయినా మొత్తం డిస్‌ప్లే మార్చాల్సి వచ్చేది.

టార్చికి ఏమీ కనిపించకపోతే విండోస్‌నే అడగవచ్చు. Settingsలో System, అందులో Display తెరిస్తే ఎన్ని తెరలు కలిసి ఉన్నాయో పెట్టెల్లా చూపిస్తుంది. ప్యానెల్ తన వివరాలను అదే కేబుల్ గుండా కంప్యూటర్‌కు చెబుతుంది. రెండు పెట్టెలూ ఉంటే ఆ సంభాషణ నడుస్తోందన్నమాట. ఒక్క మానిటరే కనిపిస్తే కేబుల్ గానీ, ప్యానెల్ మీది చిన్న సర్క్యూట్ గానీ, మదర్‌బోర్డు వైపు దారి గానీ తెగి ఉండాలి. డెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో D కీ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే ప్యానెల్ తనంతట తాను తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు చూపిస్తుంది. రంగులు బాగా వచ్చి బొమ్మ మాత్రం రాకపోతే ప్యానెల్, బ్యాక్‌లైట్ బాగున్నట్టే. అప్పుడు కేబుల్‌లోని బొమ్మ తీగలను, ఆ తర్వాత గ్రాఫిక్స్‌ను చూడాలి. బయటి మానిటర్‌లో కూడా గీతలు, రంగుల గజిబిజి కనిపిస్తుంటే గ్రాఫిక్స్ మీద అనుమానం బలపడుతుంది.

విప్పే పని అనుభవమున్నవాళ్లదే. అయినా ఒక జాగ్రత్త మీకూ తెలిసి ఉండాలి: డిస్‌ప్లే కేబుల్ పీకే ముందు, పెట్టే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. పవర్ బటన్ ఆపితే సరిపోదు, బ్యాటరీ లోపలే ఉన్నప్పుడు ఆ కనెక్టర్‌లో బ్యాక్‌లైట్ వోల్టేజీ మిగిలి ఉండవచ్చు. పిన్నులు కాస్త వంకరగా తగిలినా మదర్‌బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజు ఎగిరిపోతుంది. ఒక్కోసారి ఆ వోల్టేజీ పక్క పిన్నులోకి దూకి గ్రాఫిక్స్‌ను కూడా కాలుస్తుంది. ఫ్యూజు పోతే కొత్త ప్యానెల్ పెట్టినా తెర నల్లగానే ఉంటుంది. "ఇది కూడా పాడు ప్యానెలే" అని మరొకటి తెప్పించేవాళ్లున్నారు. బ్యాటరీ తీసి ఆ చిన్న ఫ్యూజుకు రెండు వైపులా మల్టీమీటర్ పెడితే విషయం నిమిషంలో తేలుతుంది. ప్యానెల్ మార్చినా వెలుగు రాలేదని షాపులో చెబితే, ఫ్యూజు చూశారా అని అడగండి.