హీటరులో చెరకు రసం ఎంత వేడెక్కుతుంది?

పంచదార ఫ్యాక్టరీలో మిల్లుల నుంచి వచ్చిన చెరకు రసాన్ని శుద్ధి చేయాలంటే ముందు వేడి చేయాలి. మన దేశంలో ఎక్కువగా నడిచే సల్ఫిటేషన్ పద్ధతిలో, సున్నం, గంధకపు పొగ కలపకముందే రసాన్ని దాదాపు 70 డిగ్రీలకు తెస్తారు. ఆ పని చేసేది జ్యూస్ హీటరు. పెద్ద డ్రమ్ములో వరసలుగా గొట్టాలు ఉంటాయి. లోపల రసం పారుతుంది, బయట ఆవిరి చుట్టుకుని ఉంటుంది. ఆ ఆవిరి ఎవాపరేటరులో రసం మరిగినప్పుడు పుట్టిందే.

ఆవిరి గొట్టానికి తగిలి నీరుగా మారుతూ వేడినిస్తుంది. పీడనం మారనంత కాలం ఈ మార్పు ఒకే ఉష్ణోగ్రత దగ్గర జరుగుతుంది. పైగా ఆవిరి నుంచి గోడకు వేడి చాలా సులువుగా చేరుతుంది. అందుకే శుభ్రంగా ఉన్న గొట్టపు గోడ, రసం చల్లగా ఉన్న మొదట్లోనూ వేడెక్కిన చివర్లోనూ దాదాపు ఆవిరి వేడి మీదే ఉంటుందని లెక్కవేస్తారు. రసం పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరిగినా చుట్టూ ఉన్నది అదే ఆవిరి కాబట్టి, ఆ దారినంతా ఒకే పొడవాటి గొట్టంగా చూడవచ్చు.

అంకెలతో చూద్దాం. గొట్టం లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు. ఒక్కోటి 4 మీటర్ల పొడవున్న గొట్టాల్లో రసం 12 సార్లు తిరుగుతుంది, అంటే మొత్తం 48 మీటర్లు. ఒక్కో గొట్టంలో సెకనుకు 2 కిలోల రసం పారుతోంది. ఆవిరి 95 డిగ్రీల దగ్గర ఉంది, రసం 35 దగ్గర లోపలికి వస్తోంది. తేడా 60 డిగ్రీలు.

శుభ్రమైన హీటరులో మొదటి మీటరు దాటేసరికి రసం ఒక డిగ్రీ పెరుగుతుంది. ఈ లెక్కన 48 మీటర్లకు 48 డిగ్రీలు పెరిగి 83కు చేరుతుందని అనిపిస్తుంది. నిజానికి అంత రాదు. వేడి ఎంత వేగంగా లోపలికి వస్తుందన్నది అక్కడ మిగిలి ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. మొదటి మీటరు 60లో అరవయ్యో వంతు తగ్గించింది. రెండో మీటరు మిగిలిన 59లో అరవయ్యో వంతే తగ్గిస్తుంది. చివరి మీటర్లకు వచ్చేసరికి పెరుగుదల అర డిగ్రీ కూడా ఉండదు. ఇలా ప్రతి మీటరుకూ ఒకే వంతున తగ్గుతూ పోయేదాన్నే గణితంలో ఎక్స్‌పొనెన్షియల్ తగ్గుదల అంటారు. దాని సూత్రం ఇది:

T_out = T_w − (T_w − T_in) × e^(−UA/ṁc)

T_w గోడ ఉష్ణోగ్రత, A గొట్టపు ఉపరితల వైశాల్యం. U అంటే ఒక చదరపు మీటరు గుండా ఒక డిగ్రీ తేడాకు ఎంత వేడి దాటుతుందో చెప్పే అంకె. ఇక్కడ దాన్ని 1000 వాట్లు అనుకుందాం. ṁ సెకనుకు పారే రసం బరువు, c దాని విశిష్టోష్ణం, కిలోకు 3.8 కిలోజౌళ్లు. వైశాల్యం 6 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. ఇవన్నీ వేస్తే ఘాతం 0.8 దగ్గర తేలుతుంది. e^(−0.8) అంటే 0.45. 60 డిగ్రీల తేడాలో 27 మిగిలింది, కాబట్టి రసం 68 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది.

గొట్టం పొడవు రెట్టింపు చేస్తే? మిగిలిన 27లో మళ్ళీ 0.45 వంతు, అంటే 12 మిగులుతుంది. రసం 83కు చేరుతుంది. మొదటి 48 మీటర్లు 33 డిగ్రీలు ఇస్తే తర్వాతి 48 ఇచ్చింది 15 మాత్రమే. గొట్టాన్ని ఎంత పొడిగించినా 95 దాటదు. హీటరు ఎంత పెద్దదిగా కట్టాలో నిర్ణయించేటప్పుడు అసలు బేరం ఇక్కడే ఉంటుంది.

ఈ సూత్రాన్ని వెనక్కి తిప్పి వాడుకోవడం నాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ గొట్టాల లోపల గార పడుతుంది. బయటికొచ్చే రసం 58కి దిగిందనుకోండి. మిగిలిన తేడా 37, మొదటి తేడా 60, నిష్పత్తి 0.617. దాని లాగరిథమ్ తీస్తే ఘాతం 0.48 వస్తుంది. రసం పారుదల మారలేదు కాబట్టి, 0.8 ఉండాల్సింది 0.48 అయిందంటే U 600 వాట్లకు పడిపోయినట్టే.

రసం చల్లబడిన ప్రతిసారీ తప్పు గారదే కాకపోవచ్చు. ఆవిరి పీడనం తగ్గి 90 డిగ్రీలకు దిగినా రసం 65కు పడుతుంది. కానీ అప్పుడు మిగిలిన తేడా 25, మొదటి తేడా 55. నిష్పత్తి 0.45 దగ్గరే నిలుస్తుంది, గొట్టాలు బాగున్నాయని తెలిసిపోతుంది. అందుకే రసం ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు, ఆవిరిదీ పక్కనే రాసుకోవాలి.

ఒక్క చోట మాత్రం ఈ పరీక్ష తడబడుతుంది. ఆవిరితో పాటు వచ్చిన గాలి నీరుగా మారదు. బయటికి పోకపోతే గొట్టాల చుట్టూ పేరుకుని ఆవిరిని తాకనివ్వదు. గోడ అంతటా ఒకే వేడి అన్న మన ఊహ అక్కడ చెల్లదు, నిష్పత్తి గార పట్టినప్పటిలాగే చెడుతుంది. గాలిని వదిలే వాల్వు కాసేపు ఎక్కువ తెరిస్తే రసం మళ్ళీ వేడెక్కుతుందేమో చూడాలి. వేడెక్కితే గాలిదే తప్పు. కదలిక లేకపోతే ఆ హీటరును పక్కనపెట్టి, కాస్టిక్ సోడా ద్రావణం మరిగించి, బ్రష్షులతో గొట్టాలు తోమాల్సిందే.