వేరుకు కింద ఎటో ఎలా తెలుస్తుంది?

చాళ్లో వేసిన గింజ ఎలా పడుతుందో రైతు చూడడు. ఒకటి నిలువుగా, ఒకటి పక్కకు, ఒకటి తలకిందులుగా పడతాయి. అయినా వేరు మట్టిలోకే దిగుతుంది, మొలక పైకే లేస్తుంది. దీని వెనుక సంగతిని ఎనిమిదో తరగతి చదివే ఓ అమ్మాయి కథగా చెప్పుకుందాం. మనిషి కల్పితం, ఆమె చేసే ప్రయోగాలు మాత్రం నిజమైనవే.

బొబ్బర్లు మొలకెత్తించి, ఒక గింజను కావాలనే తలకిందులు చేసి పెట్టిందా అమ్మాయి. పైకి తిరిగిన వేరు మర్నాటికి వంగి కిందికి దిగింది.

"అమ్మమ్మా, దీనికి కింద ఎటో ఎవరు చెప్పారే?"

"కింద తడి ఉంటుంది, పైన ఎండ ఉంటుంది. తడి వెతుక్కుంటూ పోతుందమ్మా," అంది అమ్మమ్మ.

ఆ మాట నిజమో కాదో తేల్చాలనుకుంది. గాజు గ్లాసు లోపలివైపు తడి కాగితం చుట్టి, గాజుకూ కాగితానికీ మధ్య గింజలు ఇరికించింది. కాగితం అంతటా ఒకే తడి. గ్లాసును వెలుతురు సోకని అలమరలో పెట్టింది. వేళ్లు రెండు సెంటీమీటర్లు అయ్యాక గ్లాసును పక్కకు పడుకోబెట్టింది. మర్నాడు చూస్తే, అడ్డంగా ఉన్న వేళ్లన్నీ కొసల దగ్గర కిందికి వంగి ఉన్నాయి. వెలుతురు లేదు, తడిలో తేడా లేదు. ఇక మిగిలింది భూమి ఆకర్షణే.

1806లో థామస్ ఆండ్రూ నైట్ అనే ఆంగ్లేయుడు ఇదే సంగతిని ఇంకో దారిలో రుజువు చేశాడు. నీటి ఉరవడికి గిరగిరా తిరిగే చక్రానికి గింజలు కట్టాడు. అలా తిరుగుతున్నప్పుడు బలం బయటివైపు లాగుతుంది. వేళ్లు బయటికి, మొలకలు ఇరుసు వైపుకు పెరిగాయి. అంటే వేరు వెతికేది మట్టిని కాదు, బలం లాగే దిక్కును.

మరి ఆ లాగుడును వేరులో ఏ భాగం పసిగడుతుంది? అమ్మాయి అమ్మ చేత కొత్త బ్లేడుతో కొన్ని వేళ్ల కొసలు మిల్లీమీటరు మేర కోయించి, గ్లాసును మళ్లీ పడుకోబెట్టింది. కొస లేని వేళ్లు పెరిగాయి కానీ వంగలేదు, అడ్డంగానే సాగాయి.

"కోశాం కదా, ఆ దెబ్బకే వంగడం మానేసిందేమో," అంది అమ్మ.

సరైన అనుమానమే. దాన్ని తీర్చే ప్రయోగాన్ని చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880లో అచ్చయిన తమ పుస్తకంలో వివరించారు. వేళ్లను ముందు గంటా గంటన్నర పాటు అడ్డంగా ఉంచి, ఆ తర్వాత కొసలు కోశారు. ఈసారి కొస లేకపోయినా వేళ్లు వంగాయి. కోత దెబ్బే కారణమైతే ఇవీ వంగకూడదు. తెగిపోయే లోపే కొస తన కబురు వెనక్కి పంపేసిందన్నమాట. కోసిన కొస కొద్ది రోజుల్లో మళ్లీ పెరిగాక, ఆ వేళ్లకు కిందికి వంగే గుణం తిరిగి వచ్చింది.

ఆ కొసలో ఏముందో బడిలోని మైక్రోస్కోపు చూపించింది. సైన్సు టీచరు వేరు కొసను నలిపి అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలి రేణువులు కనిపించాయి. అవి పిండి పదార్థపు రేణువులు. వేరు కొసను కప్పే తొడుగులోని కొన్ని కణాల్లో ఇవి ఉంటాయి. చుట్టూ ఉన్న ద్రవం కన్నా బరువైనవి కాబట్టి, సీసాను పడుకోబెడితే లోపలి ఇసుక పక్క గోడ మీదికి జారినట్టు, వేరు పక్కకు తిరిగిన కొద్ది నిమిషాల్లోనే కణం కొత్త అడుగుకు చేరతాయి. పిండి తయారుకాని మొక్కల్లో వేళ్లు చాలా మందకొడిగా వంగుతాయి.

రేణువులు జారిన వైపుకే ఆక్సిన్ అనే హార్మోన్ ఎక్కువగా మళ్లుతుంది. మొలక కాండంలో ఆక్సిన్ పెరుగుదలను పెంచుతుంది, వేరులో ఆ మోతాదు పెరుగుదలను తగ్గిస్తుంది. అందుకే వేరు కింది అంచు నెమ్మదించి, పై అంచు వేగంగా సాగి, వేరు కిందికి వంగుతుంది. కాండం అదే కారణంతో పైకి లేస్తుంది. వంపు వచ్చేది కూడా కొస దగ్గర కాదు, కొన్ని మిల్లీమీటర్ల వెనుక, కణాలు పొడుగు సాగే చోట.

అమ్మమ్మ మాట పూర్తిగా తప్పేమీ కాదు. నేలలో ఒకవైపే తడి ఉంటే వేరు అటు కూడా మళ్లుతుంది. అయితే తడి అంతటా ఒకేలా ఉన్నప్పుడు దారి చూపేది భూమి ఆకర్షణే.

మీ ఇంట్లో చేసి చూస్తే మూడు జాగ్రత్తలు: కాగితం తడిగా ఉండాలి కానీ గింజలు నీళ్లలో మునిగితే కుళ్లుతాయి. కొస ఆరిపోతే వేరు వంగదు. ఇక కోత మిల్లీమీటరు దాటితే వేరు పెరగడమే ఆగిపోవచ్చు, కాబట్టి కోయని గింజలు కొన్ని పక్కన ఉంచుకుని పోల్చి చూడండి.