పేరు ఒకటి, పని ఇంకొకటి

2000 జనవరి 1న కొన్ని వెబ్‌పేజీల్లో తేదీ దగ్గర సంవత్సరం 19100 అని కనబడింది. కారణం ఒక పేరు. జావాస్క్రిప్ట్‌లో `getYear` అనే ఫంక్షన్ ఉంది. పేరు చూస్తే సంవత్సరం ఇస్తుందనిపిస్తుంది. నిజానికి అది 1900 తరవాత గడిచిన సంవత్సరాల లెక్క ఇస్తుంది. 1999లో 99 వచ్చేది కాబట్టి ముందు 19 తగిలిస్తే సరిపోయేది. మరుసటి ఏడాది 100 వచ్చింది. అప్పటికే `getFullYear` వచ్చినా, పాత పేజీలు ఆగిపోకూడదని పాతదాన్నీ ఉంచారు.

పేరు పుట్టుకతోనే తప్పుదారి పట్టించిన సందర్భం ఇది. ఎక్కువ ప్రోగ్రాముల్లో జరిగేది వేరు: రాసిన రోజు నిజమే, ఆ తరవాత అబద్ధమవుతుంది. ఒక చెల్లింపుల యాప్ ఉందనుకోండి. బ్యాంకు సర్వర్ జవాబు కోసం ఎంతసేపు ఆగాలో మొదట ఇలా రాశారు:

```
# wait 30 seconds
timeout = 30
```

కొన్నాళ్లకు లైబ్రరీ మార్చారు. కొత్తది మిల్లీసెకన్లలో లెక్కిస్తుంది. అయిదు సెకన్లు చాలనుకుని అంకె మార్చారు, పైన ఉన్న కామెంట్ జోలికి ఎవరూ పోలేదు:

```
# wait 30 seconds
timeout = 5000
```

ఏడాది తరవాత వచ్చిన ఉద్యోగికి నిమిషం పాటు ఆగేలా చెయ్యమన్నారు. అతను కామెంట్ చదివి, అంకెలు సెకన్లలో ఉన్నాయని నమ్మి 60 అని రాశాడు. అంటే సెకనులో దాదాపు పదిహేడో వంతు. సర్వర్ కూడా తన ల్యాప్‌టాప్‌లోనే ఉండటంతో జవాబు వెంటనే వచ్చి టెస్ట్ పాసయింది. యాప్ జనం చేతికి వెళ్లాక మాత్రం చెల్లింపులు వరసగా ఫెయిలయ్యాయి. అతన్ని తప్పుపట్టడం నాకు అన్యాయమనిపిస్తుంది. ఎదురుగా రాసి ఉన్నదాన్నే కదా నమ్మాడు!

కామెంట్ తప్పని కంప్యూటర్ చెప్పదు. దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. `timeout` అనే మాట దానికి ఉత్త చీటీ, దాని అర్థంతో పనిలేదు. కాబట్టి పట్టుకోవాల్సింది మనిషే. లాగ్‌లో అభ్యర్థన వెళ్లిన సమయం, ఫెయిలైన సమయం పక్కపక్కన పెడితే 60 మిల్లీసెకన్ల తేడా కనబడుతుంది. `git blame` నడిపితే ఏ వరస చివరిసారి ఎప్పుడు మారిందో తెలుస్తుంది. అంకె నిన్న మారి, కామెంట్ ఏళ్ల కిందటిదైతే అక్కడ ఆగి చూడాలి.

కొలమానాన్ని పేరులోనే పెట్టి `timeout_ms` అంటే ఈ తప్పు చాలావరకు జరగదు. ఆ పేరు వాడిన ప్రతిచోటా కళ్లకు కనబడుతుంది. అయితే దానికీ ఇదే గతి పట్టవచ్చు. మరో లైబ్రరీకి మారి సెకన్లు ఇస్తూ పేరు అలాగే ఉంచితే మళ్లీ మొదటికే వస్తుంది. పైథాన్‌లో `timedelta(seconds=5)` లాంటిది వాడితే కొలమానం విలువతోనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇక అంకె ఎంతో కామెంట్‌లో మళ్లీ చెప్పనక్కర్లేదు. అయిదే ఎందుకో చెబితే చాలు.

మీరు కోడ్ రాసేవారైతే, ఒక వరస మార్చినప్పుడు దాని పైనున్న కామెంట్ కూడా చదవండి. అది ఇక నిజం కాకపోతే అదే కమిట్‌లో సరిచెయ్యండి, లేదా తీసెయ్యండి.