పక్కన పెట్టిన 15 రోజులు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి సెలవు ఖాతాలో ఏటా రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న, పదిహేనేసి రోజుల ఆర్జిత సెలవు (ఈఎల్) ముందుగానే జమ అవుతుంది. వాడుకోనివి తర్వాతి ఆరు నెలలకు వెళ్తాయి. అయితే నిల్వ 300 రోజులు దాటకూడదు. సర్వీసు చివరికొచ్చిన వాళ్లకు సెలవులు మురిగిపోయేది ఈ గీత దగ్గరే.

దీనికి 1972 నాటి సీసీఎస్ సెలవు నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది. జూన్ లేదా డిసెంబరు ఆఖరికి నిల్వ 285 దాటి ఉంటే, కొత్త 15 రోజులను ఖాతాలో కలపరు, పక్కన పెడతారు. ఆ ఆరు నెలల్లో ఈఎల్ పెడితే ముందు అందులోంచే తగ్గిస్తారు. గడువు ముగిశాక మిగిలినవి 300 వరకు మాత్రమే కలుస్తాయి.

విశాఖపట్నంలో పనిచేసే ఒక ఉద్యోగిని అనుకుందాం. 2024 డిసెంబరు 31న ఆమె నిల్వ 292. జనవరిలో రావలసిన 15 పక్కన నిలిచాయి. జూన్ లోపు ఆమె వాడింది నాలుగే, కాబట్టి 11 మిగిలాయి. 292కు 11 కలిపితే 303. ఖాతాలో 300 ఉండి, మూడు రోజులు పోయాయి.

జూలైలో మళ్లీ 15 పక్కన చేరాయి. అప్పటికే 300 నిండింది కాబట్టి ఈసారి మిగిలిన ప్రతి రోజూ నష్టమే. నవంబరులో ఐదు రోజుల ఈఎల్ పెట్టి కుటుంబంతో ఊరెళ్లి ఊరుకుంటే, డిసెంబరు 31న పది రోజులు మురిగిపోతాయి.

అదే ప్రయాణానికి ఎల్‌టీసీ వాడుకుంటే, పది రోజుల ఈఎల్‌ను డబ్బుగా మార్చుకోవచ్చు. ఇలా సర్వీసు మొత్తంలో 60 రోజుల వరకు వీలుంది. రిటైర్మెంట్ నాటి 300 రోజుల నగదులోంచి వీటిని తగ్గించరు. లెక్క కట్టేది మూల వేతనం, డీఏల మీదే. ఇంటి అద్దె భత్యం కలవదు. ఆమె మూల వేతనం 66,000 రూపాయలైతే, 2025 జూలై నుంచి అమలైన 58 శాతం డీఏ 38,280. రెండూ కలిపి 1,04,280. దాన్ని 30తో భాగిస్తే రోజుకు 3,476, పది రోజులకు 34,760 రూపాయలు. ఐదు రోజుల సెలవు, పది రోజుల నగదు కలిసి ఆ 15 రోజులూ సరిపోయాయి. నిల్వ 300 చెక్కు చెదరలేదు.

అదే జీతంతో రిటైరైతే 300 రోజులకు ఆమెకు 10,42,800 రూపాయలు వస్తాయి. ఆ సొమ్ముపై ఆదాయపు పన్ను లేదు. సర్వీసులో ఉండగా తీసుకున్న 34,760 మీద మాత్రం పన్ను పడుతుంది.

జమ ప్రతిసారీ 15 ఉండకపోవచ్చు. గత ఆరు నెలల్లో జీతం లేని అసాధారణ సెలవు పెట్టి ఉంటే, ఆ రోజుల్లో పదో వంతు కొత్త జమలో కోత పడుతుంది. రిటైరయ్యే అర్ధ సంవత్సరంలోనైతే పూర్తయిన నెలకు రెండున్నర రోజుల చొప్పునే వస్తుంది. జూన్, డిసెంబరు నెలలు మొదలవగానే సెలవు ఖాతా తెరిచి అసలు నిల్వ ఎంతో, పక్కన పెట్టినవి ఎన్నో విడివిడిగా చూసుకుంటే, మురిగిపోబోయే రోజులను వాడుకోవడానికి ఇంకా నెల చేతిలో ఉంటుంది.