అంతరిక్షం నుంచి దీపావళి: ఆ ఫొటో నిజమేనా?

ఏటా దీపావళికి ఒక ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. చీకట్లో భారతదేశం, ఒళ్లంతా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులు. 'దీపావళి రాత్రి నాసా తీసిన ఫొటో' అని కింద రాసి ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోయిన ఒక నాన్నకు కూతురు చెప్పాల్సిన జవాబులివి.

"ఇది నిజమేనా అమ్మాయీ?"

బొమ్మ దొంగది కాదు నాన్నా, కింద రాసిందే అబద్ధం. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవాలో శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్ 2003లో ఈ పటం తయారు చేశారు. ఏళ్ల తరబడి ఉపగ్రహాలు కొలిచిన రాత్రి వెలుతురును ఒకే పటంలో కలిపారు. జనాభా ఎలా పెరుగుతూ వచ్చిందో చూపడానికి చేసిన పని అది. దీపావళితో దానికి సంబంధం లేదు.

"మరి ఆ రంగులు టపాసులవి కావా?"

కావు. ఆ ఉపగ్రహాలు వెలుతురు ఎంతుందో కొలుస్తాయి, రంగు చూడవు. రంగులు శాస్త్రవేత్త వేసినవే. తెలుపు ఉన్నచోట 1992కి ముందే దీపాలున్నాయి. నీలం 1992లో, ఆకుపచ్చ 1998లో, ఎరుపు 2003లో కొత్తగా కనిపించిన వెలుగులు. ఎర్ర చుక్క కనబడిందంటే అక్కడ ఊరు ఈమధ్యే పెరిగిందని అర్థం.

"నాసా అసలు ఫొటోనే తీయలేదా?"

తీసింది. 2012లో దీపావళి నవంబరు 13న వచ్చింది. ముందురోజు రాత్రి సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం తీసిన దృశ్యాన్ని నాసా విడుదల చేసింది. అందులో రంగుల్లేవు, మామూలుగా రాత్రిపూట కనిపించే నగరాల దీపాలే. పండగ వల్ల పెరిగే వెలుతురు అంతరిక్షం నుంచి పోల్చుకోలేనంత తక్కువని నాసాయే చెప్పింది.

"ఇలాంటివి నాకు నేనుగా ఎలా కనిపెట్టను?"

ఫొటోను ఫోన్‌లో సేవ్ చేయండి. గూగుల్ యాప్ తెరిస్తే, వెతికే చోట చిన్న కెమెరా గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి ఈ ఫొటోను ఎంచుకోండి. అదే బొమ్మ ఇంకెక్కడెక్కడ ఉందో వరసగా వస్తుంది. పైనున్నది చదివి ఆగిపోకండి. అన్నిటికంటే పాత తేదీ ఏదో, అప్పుడు దాని కింద ఏం రాశారో చూడండి. ఈ ఏటి పండగ ఫొటో అన్నది పదేళ్ల కిందటే కనబడితే ఇక అనుమానమే లేదు.

"ఏమీ దొరక్కపోతే నిజమన్నట్టేనా?"

అదే పొరపాటు నాన్నా. అంచులు కత్తిరించినా, కుడిఎడమలు తిప్పేసినా వెతుకులాటకు చిక్కకపోవచ్చు. కంప్యూటర్ కొత్తగా పుట్టించిన బొమ్మకైతే పాత కాపీయే ఉండదు. అప్పుడు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారో పంపినవాళ్లనే అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఇంకొకరికి పంపకండి.

ఈసారి దీపావళికి ఈ పటం మీ గ్రూపులోకి వస్తే, '2003 నాటి జనాభా పటం, దీపావళి ఫొటో కాదు' అని దాని కిందే మర్యాదగా రాసి పెట్టండి.