చేసింది ఎవరు?

వేములపల్లి దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద ఒక తూము రాత్రికి రాత్రి తెరిచి ఉందనుకోండి. ఆంగ్లంలో ‘హూ డిడ్ ఇట్?’ అంటారు, ప్రశ్నపదం ముందే నిలుస్తుంది, ఊనిక భారం ఎక్కువగా గొంతుదే. తెలుగులో పదమే కదులుతుంది. ‘తూము ఎవరు తెరిచారు?’ అన్నది మామూలు ప్రశ్న. ‘తూము తెరిచింది ఎవరు?’ అంటే తెరవడం ఖాయం, మనిషే తేలాలి. ఇక్కడ క్రియ నామంగా మారి ముందుకు వచ్చింది, ఊనిక చివరి పదం మీద పడింది. ఈ ‘తెరిచింది’ స్త్రీలింగ క్రియ కాదు, కనుకనే ‘తెరిచింది నేను’ అనగలుగుతున్నాం.

తేడా జవాబులో ఇంకా బాగా తెలుస్తుంది. ‘నేను తెరవలేదు’ అన్న రైతు తన సంగతి మాత్రమే చెప్పాడు. ‘తెరిచింది నేను కాదు’ అన్నవాడు మాత్రం ఎవరో తెరిచారని ఒప్పుకున్నట్లే. అతణ్ణి వెంటనే ‘మరెవరు?’ అని అడగవచ్చు.