ఎక్స్‌పోర్ట్‌లో రాని 227 బిల్లులు

నెలాఖరు లెక్కల కోసం సేల్స్ రిపోర్ట్‌ను ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తారు. ఫైల్ చక్కగా తెరుచుకుంటుంది, ఎర్రర్ ఏమీ ఉండదు. కానీ కొన్ని బిల్లులు అందులో ఉండవు. ఎవరైనా మొత్తాలు సరిచూస్తేనే అది బయటపడుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్‌కు చాలామంది పంపే మెయిల్ ఒకటే: "రిపోర్ట్‌లో డేటా పూర్తిగా రావడం లేదు, అర్జెంటుగా చూడండి." దానికి "మా దగ్గర బాగానే వస్తోందండీ" అని జవాబొస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పరీక్షించేందుకు వాళ్లు వాడే డెమో డేటాలో నిజంగానే అన్నీ వస్తూ ఉండవచ్చు.

ఒక మందుల హోల్‌సేల్ షాపు అనుకుందాం. 2025 మార్చి 1 నుంచి 31 వరకు రిపోర్ట్ తీస్తే స్క్రీన్ మీద 6,214 బిల్లులు, ఎక్సెల్‌లో 5,987. తేడా 227. మెయిల్ రాసే ముందు తేలాల్సింది, ఆ 227 ఏవి అన్నదే.

ముందు ఆ సంఖ్యనే చూడాలి. ఫైల్ సరిగ్గా 10,000 దగ్గర ఆగిపోతే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టిన పరిమితిని అనుమానించాలి. 65,536 దగ్గర ఆగితే అది పాత .xls ఫైల్ పరిమితి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కకపోవడానికి కారణం ఆ పరిమితే. మన 5,987 అలాంటి గుండ్రటి సంఖ్య కాదు. కాబట్టి రోజువారీగా లెక్కపెట్టాలి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేస్తే ఏ రోజు ఎన్ని బిల్లులో తెలిసిపోతుంది. 30వ తేదీ దాకా స్క్రీన్‌తో సరిపోయింది. 31న మాత్రం స్క్రీన్‌లో 230, ఫైల్లో 3. పోయిన 227 బిల్లులూ ఒక్క రోజువే.

వచ్చిన ఆ మూడింటినీ వదిలేయకూడదు. అసలు ఆధారం అక్కడే ఉంది. తెరిచి చూస్తే ఆ మూడూ వేరే ఫైల్ నుంచి దిగుమతి చేసినవి. వాటికి తేదీ ఉంది కానీ సమయం 00:00:00. కౌంటర్‌లో కొట్టిన బిల్లులకు మాత్రం 10:42, 18:05 అని సమయం ఉంది. ఈ సంగతి చూసిన ప్రోగ్రామర్ వెంటనే వెతికేది ఇలాంటి వరుసలనే:

```
WHERE bill_time >= '2025-03-01'
  AND bill_time <= '2025-03-31'
```

తేదీ పక్కన సమయం రాయకపోతే డేటాబేస్ దాన్ని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అంటే 31న అర్ధరాత్రి దాటాక కొట్టిన ప్రతి బిల్లూ బయటే ఉండిపోతుంది. రెండో వరుసను `< '2025-04-01'` అని మారిస్తే సరిపోతుంది. డెమో డేటాలో తేదీలకు సమయమే లేకపోతే ఈ తప్పు వాళ్లకు ఎప్పటికీ కనబడదు.

ఇక మెయిల్. సబ్జెక్ట్‌లోనే విషయం ఉండాలి: "సేల్స్ రిజిస్టర్ ఎక్స్‌పోర్ట్: మార్చి 31 బిల్లులు 230లో 3 మాత్రమే వస్తున్నాయి". లోపల ఇలా రాయవచ్చు:

"ఏప్రిల్ 3 ఉదయం 11:20కి మేనేజర్ లాగిన్‌తో మార్చి 1–31 సేల్స్ రిజిస్టర్‌ను ఎక్సెల్‌లోకి తీశాం. తేదీలు తప్ప వేరే ఫిల్టర్ ఏదీ పెట్టలేదు. స్క్రీన్‌లో 6,214, ఫైల్లో హెడర్ వరుస కాకుండా 5,987 బిల్లులు ఉన్నాయి. 30వ తేదీ వరకు సరిపోయింది. 31న రానివాటిలో ఐదు, వచ్చిన మూడు బిల్లుల నంబర్లు కింద ఇచ్చాం. వచ్చిన మూడింటికీ సమయం 00:00:00. వేరే కంప్యూటర్‌లో, వేరే లాగిన్‌తో తీసినా ఇదే ఫలితం. ముగింపు తేదీ ఏప్రిల్ 1 అని పెడితే మార్చి 31 బిల్లులు 230 వస్తున్నాయి."

సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ కూడా చేర్చాలి. ఫైల్‌ను ఎడిట్ చేయకుండా పంపమని అంటారు. నిజమే, కానీ అందులో కస్టమర్ల ఫోన్ నంబర్లుంటే కాపీ తీసి ఆ కాలమ్ తొలగించాకే పంపండి, తొలగించినట్టు మెయిల్‌లో చెప్పండి. కారణం మీకు తోచినా దాన్ని "మా అనుమానం" అని చివర్లో విడిగా రాయండి. ముందే తీర్పులా రాస్తే, అది తప్పైనప్పుడు చూసేవాళ్ల దృష్టి పక్కదారి పడుతుంది.

మెయిల్‌లోని చివరి వాక్యమే వాళ్లు సరిచేసేదాకా మీ పని నడిపిస్తుంది. ఒక రోజు ముందుకు పెట్టి రిపోర్ట్ తీయండి, ఏప్రిల్ 1 తేదీతో వచ్చినవాటిని తీసేయండి.

మరో ప్రశ్న కూడా అదే మెయిల్‌లో అడగండి: ఈ లోపం ఏ వెర్షన్ నుంచి ఉంది? చాలాకాలంగా ఉంటే ఫిబ్రవరి 28, జనవరి 31 బిల్లులు కూడా ఇలాగే పోయి ఉంటాయి. ఆ ఫైళ్ల ఆధారంగానే జీఎస్టీ రిటర్న్ వేసి ఉంటే పాత నెలలన్నిటి చివరి రోజులనూ స్క్రీన్‌తో పోల్చి చూడాలి. తప్పిపోయిన బిల్లులను తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో చూపించే వీలుంది. ఆలస్యంగా కట్టే పన్ను మీద వడ్డీ ఎంతో మాత్రం మీ ఆడిటర్‌తో లెక్క కట్టించుకోండి.